పొయ్యి వేడితో కరెంటు: ఒక్క మాడ్యూల్ నుంచి నిజంగా వచ్చేదెంత?

పొయ్యికి బిగించే థర్మోఎలక్ట్రిక్ మాడ్యూల్ కొనబోయేవారికి మొదట కనబడేది ఒక పట్టిక. విరివిగా దొరికే SP1848-27145 మాడ్యూల్‌నే చూస్తే, రెండు వైపుల మధ్య 100 డిగ్రీల తేడా ఉన్నప్పుడు 4.8 వోల్టులు, 669 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. రెంటినీ గుణిస్తే 3.2 వాట్లు. ఆ 3.2 వాట్లు ఎవరికీ ఎప్పుడూ రావు. అందులోని వోల్టేజీ ఏ లోడూ కలపనప్పుడు కొలిచింది. కరెంటేమో రెండు వైర్లనూ నేరుగా కలిపేసి కొలిచింది. మొదటి సందర్భంలో కరెంటు సున్నా, రెండో సందర్భంలో వోల్టేజీ సున్నా. రెండూ ఒకేసారి ఉండే పరిస్థితే లేదు.

లోడ్ కలిపిన కొద్దీ మాడ్యూల్ లోపలి నిరోధం వల్ల వోల్టేజీ పడుతూ వస్తుంది. ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజీలో సగానికి దిగినచోట పవర్ గరిష్ఠంగా ఉంటుంది. అక్కడ కరెంటు కూడా షార్ట్ సర్క్యూట్ కరెంటులో సగమే. అంటే 2.4 వోల్టులు, 0.33 ఆంపియర్లు, మొత్తం 0.8 వాట్లు. పట్టికలోని రెండు అంకెల లబ్ధంలో నాలుగో వంతు. ఈ ఒక్క లెక్క తెలిస్తే అమ్మకం ప్రకటనల్లో సగం వాటంతటవే పక్కకు పోతాయి.

మాడ్యూల్ నిర్మాణం గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. రెండు పలుచని సెరామిక్ పలకల మధ్య బిస్మత్ టెల్యూరైడ్‌తో చేసిన చిన్న చిన్న దిమ్మెలు, సాధారణంగా 127 జతలు, ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో కలిపి ఉంటాయి. ఒక వైపు వేడిగా, ఇంకో వైపు చల్లగా ఉంటే వోల్టేజీ పుడుతుందన్నది 1821లో సీబెక్ గమనించిన విషయమే. పై పట్టికలోని రకం కాకుండా, పొయ్యికి పనికొచ్చే 40 మిల్లీమీటర్ల చదరపు మాడ్యూల్ వేడెక్కి ఉన్నప్పుడు ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 0.04 వోల్టు ఇస్తుంది. దాని లోపలి నిరోధం 2 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. గరిష్ఠ పవర్‌కు సూత్రం ఇది:

```
P = V² / (4 × R)
```

ఇక్కడ V అంటే ఖాళీ వోల్టేజీ, R అంటే లోపలి నిరోధం. వోల్టేజీ వర్గంలో ఉంది కాబట్టి తేడా సగమైతే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఉష్ణోగ్రత తేడాను ఎలా నిలబెట్టాలన్నదే అసలు సమస్య. మంట ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి సంగతి.

కొనేటప్పుడే జరిగే పొరపాటు ఒకటుంది. TEC1-12706 అని రాసి ఉన్నవి చల్లబరచడానికి చేసిన మాడ్యూళ్లు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వేడి చేస్తే వోల్టేజీ కూడా ఇస్తాయి. కానీ వీటి లోపలి అతుకులకు వాడే టంకం చాలావాటిలో 138 డిగ్రీలకే కరుగుతుంది. పొయ్యి గోడకు బిగిస్తే మొదటి రోజే అతుకులు జారిపోతాయి. విద్యుత్ ఉత్పత్తి కోసమే చేసిన చాలా రకాలు 200 నుంచి 300 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. ఎంతవరకన్నది తయారీదారు ఇచ్చే వివరాల్లోనే చూడాలి. వేడి వైపు హద్దు రాయకుండా అమ్మేదాన్ని వదిలేయడమే మంచిది.

డిగ్రీలు ఎక్కడ ఖర్చవుతాయి

ఒక ఉదాహరణను అంకెలతో నడిపిద్దాం. కట్టెల పొయ్యి లోహపు గోడ, మాడ్యూల్ బిగించాక కూడా, 280 డిగ్రీల దగ్గర ఉంటోంది. చుట్టూ గాలి 30 డిగ్రీలు. మొత్తం తేడా 250 డిగ్రీలు. ఇదంతా మాడ్యూల్‌కు దక్కుతుందనుకుంటే 10 వోల్టులు, 12 వాట్లకు పైగా రావాలి. దక్కదు. గోడ నుంచి గాలి దాకా వేడి దాటే దారిలో ప్రతి అంచెలోనూ కొన్ని డిగ్రీలు ఖర్చవుతాయి. ఒక వాటు వేడి దాటడానికి ఎన్ని డిగ్రీలు కావాలో దాన్ని ఉష్ణ నిరోధం అంటారు. గోడ నుంచి అల్యూమినియం పలక మీదుగా మాడ్యూల్ దాకా 0.3, మాడ్యూల్‌లో 1.2, అక్కడి నుంచి, వేడిని గాలికి వదిలే లోహపు హీట్ సింక్ అడుగు దాకా 0.2, హీట్ సింక్ నుంచి గాలికి ఫ్యాన్ లేకపోతే 1.5 అనుకుందాం. మొత్తం 3.2. కాస్త పెద్ద రెక్కల హీట్ సింక్‌కు ఈ చివరి అంకె న్యాయమైనదే.

250ని 3.2తో భాగిస్తే దారి వెంట పారే వేడి 78 వాట్లు. మాడ్యూల్ రెండు వైపుల మధ్య మిగిలే తేడా 78 × 1.2, అంటే 94 డిగ్రీలు. ఖాళీ వోల్టేజీ 3.75, గరిష్ఠ పవర్ సుమారు 1.8 వాట్లు. మొత్తం 250 డిగ్రీల్లో సగం కూడా మాడ్యూల్‌కు అందలేదు. చల్లని వైపు అని మనం పిలిచేది 160 డిగ్రీలు దాటి ఉంది. ఆ హీట్ సింక్‌ను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఎక్కువమంది చేసేది ఈ అమరికే. చాలామందికి నిరాశ మిగిల్చేదీ ఇదే.

అదే హీట్ సింక్ మీద 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ పెడితే చివరి అంకె 1.5 నుంచి 0.4 దాకా దిగుతుంది. మొత్తం నిరోధం 2.1, పారే వేడి 119 వాట్లు, మాడ్యూల్ మధ్య తేడా 143 డిగ్రీలు. పవర్ 4.1 వాట్లు. పొయ్యి మారలేదు, మంట పెరగలేదు, అయినా రాబడి రెట్టింపు దాటింది. ఇందులోంచి ఫ్యాన్ తన వాటాగా 1.2 వాట్లు తినేస్తుంది. ఫ్యాన్ 5 వోల్టులది కావాలి. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్‌ను మాడ్యూల్ వైర్లకు నేరుగా కలిపితే, లోడ్ మీద వచ్చే మూడు వోల్టులకు అది కదలనైనా కదలదు.

హీట్ సింక్ బదులు నీళ్ల పాత్ర పెట్టొచ్చు. చదునైన అడుగున్న అల్యూమినియం పాత్రను మాడ్యూల్‌కు బిగిస్తే చివరి అంచె నిరోధం 0.1 దాకా పడిపోతుంది. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉన్నంతసేపు మాడ్యూల్ మధ్య తేడా 167 డిగ్రీలు, పవర్ 5.6 వాట్లు. అయితే పాత్రలోకి 139 వాట్ల వేడి దిగుతోంది. 5 లీటర్ల నీళ్లుంటే మొదటి గంటలో వాటి వేడి ఇంకో 24 డిగ్రీల దాకా పెరుగుతుంది. రెండున్నర గంటలకు 80 డిగ్రీల దగ్గరికి వస్తాయి, అప్పటికి పవర్ 3.5 వాట్లకు దిగుతుంది. మరిగేదాకా పోనిస్తే 2.9 వాట్ల దగ్గర ఆగిపోతుంది. నీళ్లు వంద డిగ్రీలు దాటవు కాబట్టి అంతకన్నా పడదు. గంటకు 160 గ్రాముల నీరు ఆవిరవుతుంది, అంతే. ఫ్యాన్ లేదు, శబ్దం లేదు, ఫ్యాన్‌కు ఇవ్వాల్సిన వాటా లేదు, పైగా వేడినీళ్లు ఎలాగూ పనికొస్తాయి. రోజుకు రెండు మూడు గంటలు మండే వంట పొయ్యికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకడం కష్టం. ఒక్కటే షరతు: నీళ్లు లేకుండా మంట పెట్టకూడదు. పాత్ర ఖాళీ అయితే మాడ్యూల్ రెండు వైపులా గోడ వేడికి చేరుకుంటాయి, ఉన్న ఒక్క మాడ్యూల్ పోతుంది.

పైన “మాడ్యూల్ బిగించాక కూడా 280 డిగ్రీలు” అన్న మాట అలవోకగా పెట్టింది కాదు. ఖాళీ గోడకు, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ పెట్టి 350 చూసి, బిగించాక 200 కూడా రాలేదని ఆశ్చర్యపోవడం మామూలే. మంట వాయువుల నుంచి లోహానికి వేడి అందడం చాలా నెమ్మది. మంట వైపు ఉన్న 100 చదరపు సెంటీమీటర్ల గోడ, తన కన్నా 400 డిగ్రీలు వేడిగా ఉన్న వాయువుల నుంచి 160 వాట్ల దాకా గుంజగలదు, అదీ వాయువు బాగా కదులుతుంటేనే. మాడ్యూల్ ఒక్కటే 120, 140 వాట్లు లాగుతుంటే గోడ చల్లబడక తప్పదు. విరుగుడు రెండు రకాలు. మంట తగిలే వైపు పలక వైశాల్యం పెంచడం ఒకటి. మంటలోకి చొచ్చుకుపోయేలా ఇనుప రెక్కలు దింపి వేడిని పట్టడం రెండోది. అల్యూమినియం పలకను మాత్రం నేరుగా మంటలో పెట్టకూడదు, అది 660 డిగ్రీలకు కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి వంగుతుంది.

బిగింపు

సగం ప్రయోగాలు ఇక్కడే చెడతాయి. మాడ్యూల్‌కు రెండు వైపులా ఉండే పలకలు నిజంగా చదునుగా ఉండాలి. కంటికి చదునుగా కనబడితే చాలదు. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి రుద్ది, నేరుగా ఉన్న స్టీలు అంచు ఆనించి వెలుగు దూరుతోందేమో చూడాలి. వేడి వైపు పలక 10 మిల్లీమీటర్ల మందం ఉంటే వేడికి వంగడం తగ్గుతుంది. అతుకు దగ్గర మామూలు సిలికాన్ థర్మల్ పేస్ట్ వేడి వైపు ఎక్కువ రోజులు నిలవదు, 200 డిగ్రీలు దాటాక ఎండి పొడిపొడి అవుతుంది. పలుచని గ్రాఫైట్ షీటును మాడ్యూల్ సైజుకు కోసి పెట్టడం మేలు. చల్లని వైపు పేస్ట్ వాడినా పెద్దగా నష్టం లేదు.

ఈ మాడ్యూళ్లకు ఒత్తిడి బాగా కావాలి. సాధారణంగా సూచించేది 1 మెగాపాస్కల్ దగ్గర. 40 మిల్లీమీటర్ల మాడ్యూల్ వైశాల్యం 1600 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి మొత్తం బలం 1600 న్యూటన్లు, సుమారు 160 కిలోల బరువు. చేత్తో నొక్కి పట్టే క్లిప్పులతో ఇది వచ్చేది కాదు. మాడ్యూల్‌కు అటూ ఇటూ రెండు బోల్టులు పెట్టి, ఒకదాన్ని కాస్త, రెండోదాన్ని కాస్త, మార్చి మార్చి బిగించాలి. ఒక వైపే ముందు బిగిస్తే సెరామిక్ మూల విరుగుతుంది. సెరామిక్ పలక నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, వంపును ఏమాత్రం ఓర్చుకోదు. నట్టు కింద గిన్నె ఆకారపు స్ప్రింగు వాషర్లు పెడితే లోహం వేడికి సాగినా, చల్లారి ముడుచుకున్నా ఒత్తిడి నిలబడుతుంది. అవి లేకపోతే పది పన్నెండు సార్లు పొయ్యి వెలిగించేసరికి బిగింపు వదులై పవర్ మెల్లగా పడిపోతూ వస్తుంది.

బోల్టులు కూడా వేడిని మోస్తాయి. నాలుగు మామూలు ఇనుప బోల్టులు కలిసి మాడ్యూల్ మోసే వేడిలో మూడో వంతు దాకా దొంగదారిన చల్లని వైపుకు చేరవేయగలవు. ఆ వేడి కరెంటు ఇవ్వదు సరికదా, హీట్ సింక్‌ను కూడా వేడెక్కిస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు రెండే పెట్టి, తల కింద మైకా వాషర్ వేస్తే ఈ నష్టం లెక్కలోకి రాదు. పలకల మధ్య మిగిలిన ఖాళీలో సెరామిక్ ఊలు నింపాలి.

బిగింపు బాగా కుదిరిందో లేదో మాడ్యూలే చెబుతుంది. దాన్ని ముందుగా ఒకసారి సరిచూసుకోవాలి: ఒక వైపు మరిగే నీళ్ల గిన్నె, ఇంకో వైపు మంచునీళ్ల గిన్నె ఆనించి ఖాళీ వోల్టేజీ చూస్తే, డిగ్రీకి ఎన్ని వోల్టులో సుమారుగా తేలుతుంది. తర్వాత రెండు పలకల్లోనూ మాడ్యూల్‌కు దగ్గరగా సన్నని రంధ్రాలు చేసి థర్మోకపుల్‌లు దింపాలి. పలకలు 250, 110 డిగ్రీలు చూపిస్తుంటే తేడా 140. మాడ్యూల్ 5.2 వోల్టులిస్తే దానికి 130 డిగ్రీలు అందుతున్నట్టు, అతుకులు బాగున్నట్టే. 3.6 వోల్టులే ఇస్తే 90 డిగ్రీలే అందుతున్నాయి, మిగతా 50 అతుకుల్లో పోతున్నాయి. విప్పి మళ్లీ బిగించడం తప్ప వేరే మార్గం లేదు. లోడ్ మీద నడుస్తున్నప్పుడు చూసేట్టయితే వైరు తీసిన రెండు మూడు సెకన్లలోపే వోల్టేజీ చదవాలి. కరెంటు పారుతున్నప్పుడు అది కొంత అదనపు వేడిని చల్లని వైపుకు మోస్తుంది, ఆగిపోగానే తేడా పెరుగుతూ పోతుంది, అంకె అసలు కన్నా ఎక్కువ కనబడుతుంది.

లోపలి నిరోధం కొలిచేటప్పుడు మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెడితే తప్పు అంకె వస్తుంది. రెండు వైపుల మధ్య కొద్దిపాటి తేడా ఉన్నా మాడ్యూల్ సొంత వోల్టేజీ మీటరును తికమక పెడుతుంది, కొన్నిసార్లు నిరోధం రుణ అంకెగా కూడా చూపిస్తుంది. ఖాళీ వోల్టేజీ చూసి, వెంటనే 2 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్ కలిపి వోల్టేజీ చూసి, పడిపోయిన వోల్టేజీని పారిన కరెంటుతో భాగించడం నమ్మదగ్గ పద్ధతి. 5.7 వోల్టులు 2.85కి పడితే కరెంటు 1.42 ఆంపియర్లు, నిరోధం 2 ఓమ్‌లు. కొన్ని నెలల తర్వాత అదే పరీక్షలో 3, 4 ఓమ్‌లు వస్తుంటే లోపలి అతుకులు దెబ్బతింటున్నాయని అర్థం. అదుపు తప్పిన వేడే చాలావరకు దీనికి కారణం.

వాట్ల నుంచి వాట్-అవర్లకు

మాడ్యూల్ ఇచ్చే రెండు మూడు వోల్టులను ఫోన్‌కు కావలసిన 5 వోల్టులకు పెంచడానికి బూస్ట్ కన్వర్టర్ కావాలి. మంచిదైతే 85 శాతం చేరవేస్తుంది. మంట ఎక్కువై, లోడ్ తక్కువైనప్పుడు మాడ్యూల్ వోల్టేజీ 5 దాటుతుంది, మామూలు బూస్ట్ కన్వర్టర్ దాన్ని ఆపలేదు, కాబట్టి పెంచడం, తగ్గించడం రెండూ చేయగల రకమే తీసుకోవాలి. ఇంకో చిక్కు తేలిగ్గా కనబడదు. ఫోన్ 1 ఆంపియర్ అడుగుతుంది. కన్వర్టర్ ఆ అడిగినంతా ఇవ్వడానికి మాడ్యూల్ నుంచి కరెంటు లాగుతుంది, మాడ్యూల్ వోల్టేజీ సగం దాటి కిందికి పడుతుంది. ఇక అక్కడి నుంచి ఎక్కువ లాగిన కొద్దీ వచ్చేది తక్కువ. కన్వర్టర్ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. ఫోన్‌లో చార్జింగ్ గుర్తు వెలిగి ఆరిపోతుంటే కారణం ఇదే. ఇన్‌పుట్ వోల్టేజీని ఒక హద్దు కిందికి పడనివ్వని కన్వర్టర్ వాడి, ఆ హద్దును ఖాళీ వోల్టేజీలో సగానికి పెడితే సమస్య పోతుంది. దాని వెనుక ఒక చిన్న లిథియం బ్యాటరీ ఉంచి, ఫోన్‌ను ఆ బ్యాటరీ నుంచి చార్జ్ చేయడం ఇంకా మంచిది. పొయ్యి మంట ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు మరి.

ఇప్పుడు రోజు లెక్క. పొయ్యి మూడు గంటలు మండితే, లోహం వేడెక్కడానికి పట్టే సమయం పోను రెండున్నర గంటలు పూర్తి రాబడి అనుకుందాం. ఫ్యాన్ లేని హీట్ సింక్‌తో కన్వర్టర్ తర్వాత 1.5 వాట్లు, మొత్తం 3.7 వాట్-అవర్లు. ఫ్యాన్ పెడితే 3.5 వాట్లలో దాని వాటా పోను 2.3, మొత్తం 5.7. అయిదు లీటర్ల నీళ్ల పాత్రతో సగటున 4 వాట్లు పుట్టి కన్వర్టర్ తర్వాత 3.4, మొత్తం 8.5. 5000 మిల్లీ ఆంపియర్-అవర్ల ఫోన్ బ్యాటరీ 19 వాట్-అవర్లది, చార్జింగ్ నష్టాలతో నిండడానికి 23 దాకా కావాలి. నీళ్ల పాత్ర ఏర్పాటు దాన్ని మూడో వంతుకు పైగా నింపుతుంది. అదే కరెంటును ఒక వాటు ఎల్ఈడీ దీపానికి ఇస్తే ఏడెనిమిది గంటలు వెలుగుతుంది. చలి దేశాల్లో ఇల్లు వెచ్చబరిచే పొయ్యి రోజుకు 12 గంటలు మండితే ఫ్యాన్ ఏర్పాటుతో 27 వాట్-అవర్లు వస్తాయి. పక్కన పెట్టి చూసుకోవడానికి: 10 వాట్ల చిన్న సోలార్ పలక, రోజుకు నాలుగు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు ఉంటే, నష్టాలు పోను దాదాపు 30 ఇస్తుంది. ఎండ సరిగ్గా ఉండే చోట పొయ్యి జనరేటర్‌కు ఆ పోటీలో నిలిచే అవకాశం లేదు.

మరి నాలుగు మాడ్యూళ్లు పెడితే? నాలుగింతలు రాదు. నాలుగూ కలిసి అయిదు వందల వాట్ల వేడి అడుగుతాయి, ఆ గోడ అంత ఇవ్వలేదు. గోడ చల్లబడుతుంది, ఒక్కోదాని మీద తేడా తగ్గుతుంది, వర్గంలో పవర్ పడుతుంది. 100 చదరపు సెంటీమీటర్ల గోడకు రెండోది పెట్టినా లాభం కొద్దిగానే ఉంటుంది. సిరీస్‌లో కలిపినవాటిలో ఒకటి అంచున ఉండి తక్కువ వేడెక్కితే, అది తన వోల్టేజీ అంతగా ఇవ్వకపోగా తన రెండు ఓమ్‌ల నిరోధాన్ని మిగతావాటి దారిలో పెడుతుంది. ముందు వేడి పట్టే వైశాల్యం, తర్వాత చల్లబరిచే ఏర్పాటు, ఆ రెండూ పెరిగాకే మాడ్యూళ్ల సంఖ్య.

ఈ స్థాయి రాబడి కొత్తదేమీ కాదు. సోవియట్ యూనియన్‌లో 1950లలో కరెంటు లేని ఊళ్ల కోసం కిరోసిన్ దీపం మీద బిగించే థర్మోఎలక్ట్రిక్ జనరేటర్లు తయారయ్యాయి, రేడియో నడపడానికి. ఈ మధ్యకాలపు బయోలైట్ సంస్థ క్యాంప్ పొయ్యిలలో మొదటిది 2 వాట్లు, రెండోది 3 వాట్లు అని ఆ సంస్థే చెప్పింది. రెండింటిలోనూ పుట్టిన కరెంటులో కొంత మొదట పొయ్యి లోపలి ఫ్యాన్‌కు వెళ్తుంది, మిగిలింది బయటికి వస్తుంది. ఆ వరుసలో అర్థం ఉంది. మంటలోకి గాలి ఊదే ఫ్యాన్‌కు ఒక వాటు చాలు. గాలి సరిపడా అందితే కట్టె పూర్తిగా మండి పొగ తగ్గుతుంది, మంట వేడెక్కి గోడ కూడా వేడెక్కుతుంది, మాడ్యూల్‌కు అందే తేడా పెరుగుతుంది. పైగా పొయ్యి మండుతున్నంతసేపే ఫ్యాన్ కావాలి కాబట్టి బ్యాటరీ చిన్నదైనా చాలు, వెలిగించిన మొదటి కొన్ని నిమిషాలు నడిపితే సరి. ఒకే మాడ్యూల్ ఉన్నప్పుడు దాన్ని ఫోన్‌కన్నా ముందు ఈ ఫ్యాన్‌కే కలపాలి.